క్యారేజీ ధర పెంచే ముందు: జంషెడ్‌పూర్ వంటింటి లెక్క

జంషెడ్‌పూర్‌లో నెలవారీ క్యారేజీ భోజనం ధర పెంచడానికి అన్నిటికన్నా చెడ్డ రోజు టాటా స్టీల్ బోనస్ వార్త వచ్చిన మర్నాడు. ఏటా దుర్గాపూజకు ముందు కంపెనీ యాజమాన్యానికీ టాటా వర్కర్స్ యూనియన్‌కూ మధ్య బోనస్ ఒప్పందం కుదురుతుంది. ఊరి పేపర్లన్నిటికీ ఆ రోజు అదే పెద్ద వార్త. ఆ వారంలోనే కద్మాలోనో సోనారీలోనో క్యారేజీలు పంపే ఒక ఇల్లాలు 'వచ్చే నెల నుంచి ధర పెరుగుతుంది' అని మెసేజీ పెట్టిందనుకుందాం. ఏడాదిన్నరగా నష్టం ఓర్చుకుని, ఇక భరించలేక పెంచి ఉండవచ్చు. చదివేవాళ్లకు ఆ సంగతి కనపడదు. 'మా చేతిలో నాలుగు డబ్బులు పడ్డాయని తెలిసి పెంచింది' అనే అనుకుంటారు. ధర ఎంత పెరిగిందన్నదానికన్నా ఎందుకు పెరిగిందని జనం అనుకుంటున్నారన్నదే వాడుక నిలబడుతుందా లేదా అన్నది తేలుస్తుంది.

ఇది ఊహగా చెబుతున్న మాట కాదు. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1986లో ఒక అధ్యయనం ప్రచురించారు. కెనడాలో మామూలు జనానికి ఫోన్ చేసి, చిన్న చిన్న సందర్భాలు చెప్పి, ఇది న్యాయమా అన్యాయమా అని అడిగారు. ఒక సందర్భంలో, హార్డ్‌వేర్ దుకాణంలో మంచు ఎత్తే పార 15 డాలర్లకు అమ్ముతున్నారు. పెద్ద మంచు తుఫాను వచ్చిన మర్నాడు దాన్ని 20 డాలర్లు చేశారు. అడిగిన వారిలో 82 శాతం మంది ఇది అన్యాయం అన్నారు. ఇంకో సందర్భంలో, రవాణా చిక్కుల వల్ల కూరగాయల దుకాణానికి ఆకుకూర టోకు ధర పెరిగింది, దుకాణదారుడు అంతే మొత్తాన్ని కొనేవాళ్ల మీద వేశాడు. ఇక్కడ ఐదింట నలుగురు 'అందులో తప్పేముంది' అన్నారు. అమ్మేవాడి ఖర్చు పెరిగి ధర పెరిగితే జనం సర్దుకుంటారు. కొనేవాడి అవసరమో చేతిలో డబ్బో చూసి పెంచితే మనసులో పెట్టుకుంటారు. బోనస్ వారం జంషెడ్‌పూర్‌కు మంచు తుఫాను మర్నాడు లాంటిది.

అందుకని ధర పెంపు పని మెసేజీ రాయడంతో మొదలవదు. ఖర్చు నిజంగా ఎంత పెరిగిందో ముందు తనకు తాను తేల్చుకోవాలి.

ముందు కాగితం మీద

చేతితో చేసి చూడటానికి ఒక వంటిల్లు ఊహించుకుందాం. కద్మాలో ఒక తెలుగు కుటుంబం మధ్యాహ్నం 60 క్యారేజీలు పంపుతోంది. ఆదివారాలు తీసేస్తే నెలకు 26 రోజులు. పూటకు 90 రూపాయల చొప్పున నెలకు 2,340. ఈ ధర రెండేళ్లుగా మారలేదు. రెండేళ్ల కిందట ఒక భోజనానికి మొత్తం ఖర్చు 66 రూపాయలు అయ్యేది, 24 మిగిలేవి. ఇప్పుడు ఖర్చు 80 అవుతోంది. పెరిగిన 14 రూపాయల్లో సరుకులు, కూరగాయలు, నూనె కలిపి 8, గ్యాస్ 1, వంటసాయం చేసేవాళ్ల జీతాలు 3, ఇంటింటికీ చేరవేసే ఖర్చు 2. నెలకు 37,440 రూపాయలు మిగిలే చోట 15,600 మిగులుతోంది. పొద్దున్నే నాలుగింటికి లేచే ఇద్దరు మనుషుల శ్రమకు అదే ప్రతిఫలం.

ఇలాంటి ఇళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పెంచితే జనం మానేస్తారన్న భయం. ఆ భయానికి కూడా ఒక లెక్క ఉంది, అది వేసుకోకపోవడం వల్లే ఏళ్ల తరబడి ధర కదలదు. పూటకు 10 రూపాయలు పెంచి నెలకు 2,600 చేస్తే ఎంతమంది మానేసినా పరవాలేదు?

80 రూపాయల ఖర్చులో 55 రూపాయలు సరుకులకూ గ్యాస్‌కూ పోతాయి. క్యారేజీ తగ్గితే ఈ ఖర్చు కూడా తగ్గుతుంది. మిగతా 25 జీతాలు, చేరవేత. పది క్యారేజీలు తగ్గినా వంటమనిషి జీతం తగ్గదు, సైకిలో స్కూటరో వేసుకుని తిరిగే కుర్రాడి జీతమూ తగ్గదు. ఈ తగ్గని ఖర్చు నెలకు 39,000. పాత ధరలో సరుకుల ఖర్చు పోగా క్యారేజీకి 35 మిగిలేది, కొత్త ధరలో 45 మిగులుతుంది. ఈ 45తో లెక్క కడితే 47 క్యారేజీలు ఉన్నా ఇప్పుడు 60 మీద వస్తున్న 15,600కు కాస్త ఎక్కువే వస్తుంది. అంటే 13 మంది మానేసినా ఆదాయం ఇప్పటికన్నా తగ్గదు. ఎవరూ మానకపోతే నెలకు 31,200 మిగులుతుంది. 14 రూపాయలు పెరిగిన చోట 10 మాత్రమే వేశారన్నది కూడా గుర్తుంచుకోవాలి. మెసేజీలో ఇది పనికొస్తుంది.

లెక్కలో ఒక లోపం ఉంది. అది ఒక్కొక్కరు విడివిడిగా మానేస్తారనుకుంటుంది. కంపెనీ క్వార్టర్స్‌లో అలా జరగదు. ఒకే వరసలో ఉన్న నాలుగిళ్లు, ఒకే డిపార్టుమెంటులో పనిచేసే ఐదుగురు కుర్రాళ్లు కలిసి చేరతారు, మానేస్తే కలిసే మానేస్తారు. కాబట్టి 13 అన్నది పదముగ్గురు మనుషులు అనుకోకూడదు, మూడు నాలుగు గుంపులు అనుకోవాలి. ప్రతి గుంపులో అందరూ ఎవరి మాట వింటారో వంటింటివాళ్లకు తెలిసే ఉంటుంది.

కాగితం మీద తేల్చుకోవలసింది మరొకటి ఉంది. నెలకు 2,600 చొప్పున 60 మందికి ఏడాది అమ్మకం 18,72,000 అవుతుంది. పాత ధరలో ఇది 16,84,800. సేవలు అందించేవారికి ఏడాది అమ్మకం 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. సత్యనారాయణ వ్రతాలకూ సీమంతాలకూ ఏడాదిలో నాలుగైదు పెద్ద వంటలు చేసే ఇల్లయితే ఆ గీత దాటడం ఎంతసేపో కాదు. దాటితే భోజనం సరఫరా మీద సాధారణంగా 5 శాతం పన్ను పడుతుంది. సరుకుల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. 2,600 మీద అది 130 రూపాయలు. ఏప్రిల్‌లో ధర పెంచి, ఆగస్టులో పన్ను పేరుతో మళ్లీ పెంచితే రెండోసారి ఎవరూ వినరు. అందుకే అకౌంటు చూసేవారిని ముందే ఒకసారి అడిగి, పన్ను వచ్చేలా ఉంటే దాన్ని కూడా మొదటి మెసేజీలోనే విడిగా ఒక వాక్యంగా చెప్పాలి. నమోదు లేకుండా జీఎస్టీ పేరు చెప్పి డబ్బు తీసుకోవడం మాత్రం చట్టరీత్యా నేరం. చాలామంది తేలికగా దొరికే సాకు కదా అని ఆ మాట వాడేస్తారు.

ఏ కారణం చెప్పాలి

ఒకసారి చెప్పిన కారణం చెప్పినవాళ్లను వదిలిపెట్టదు. 2023 జూలైలో దేశమంతా టమాటా కిలో వంద దాటింది. రెండు నెలలు తిరక్కుండానే ధర పడిపోయి, రైతులు పంటను రోడ్ల మీద పారబోశారు. జూలైలో 'టమాటా వల్ల పెంచుతున్నాం' అన్న వంటిల్లు సెప్టెంబరులో ఏం సమాధానం చెప్పాలి? కూరగాయలకు ఏటా ఎక్కీ దిగే కాలం ఒకటుంది, అది తినేవాళ్లకూ తెలుసు. చలికాలంలో కాలీఫ్లవరూ క్యారెట్టూ చౌకగా దొరికే రోజుల్లో కూరగాయల పేరు చెబితే నవ్వుతారు.

నూనె కూడా కొంత అలాంటిదే. 2024 సెప్టెంబరు 14 నుంచి కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మౌలిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. ఆ రోజుల్లో నూనె పేరు చెప్పినవాళ్ల మాట అందరూ నమ్మారు, ఎందుకంటే ప్రతి ఇంట్లో డబ్బా కొన్నప్పుడు తెలిసింది. 2025 మే చివర్లో ఆ సుంకాన్ని 10 శాతానికి తగ్గించారు. 'మరి నూనె తగ్గింది కదా' అని ఎవరో ఒకరు అడుగుతారు. హోటళ్లూ వంటశాలలూ వాడే 19 కిలోల గ్యాస్ సిలిండర్ ధర కూడా ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది, ఒక్కోసారి పెరుగుతుంది, ఒక్కోసారి తగ్గుతుంది.

పైన చెప్పిన 1986 అధ్యయనంలోనే దీనికి కొంత ఊరట ఉంది. ఖర్చు తగ్గినప్పుడు అమ్మేవాడు ధర తగ్గించకపోతే అన్యాయమా అని అడిగితే జనం రెండుగా చీలిపోయారు, సగానికి పైగా పరవాలేదన్నారు. పెంచినప్పుడు ఉన్నంత పట్టుదల తగ్గించే విషయంలో లేదు. అయినా ఎక్కే దిగే సరుకును ముందు పెట్టి మాట్లాడటం కన్నా, ఎక్కి దిగనిదాన్ని ముందు పెట్టడం మేలు. వంటసాయం చేసేవాళ్ల జీతాలు, చేరవేత ఖర్చు అలాంటివి. ఒకసారి పెరిగిన జీతం తగ్గదని జీతం మీద బతికే ఊరికి చెప్పనక్కర్లేదు. పైగా రోజూ గుమ్మంలోకి క్యారేజీ తెచ్చే కుర్రాడు వాళ్లకు తెలిసినవాడే. అతనికి పెంచామంటే అతనికి నిజంగానే పెంచి ఉండాలి, ఎందుకంటే వాళ్లు అతన్నే అడుగుతారు.

ఎప్పుడు, ఏమని

ఈ ఊళ్లో ఏ నెలా మచ్చలేనిది కాదు. మే నెలలో బడులకు సెలవులు, తెలుగు కుటుంబాలు సగం శ్రీకాకుళం, విశాఖ వైపు వెళ్లిపోతాయి. ఇంట్లో లేనప్పుడు వచ్చిన ధర వార్త తిరిగొచ్చాక చేదుగా తగులుతుంది. ఆగస్టు నుంచి దసరా దాకా బోనస్ మాటలు. జనవరిలో సంక్రాంతి, టుసు పండగ. మిగిలినవాటిలో ఏప్రిల్ ఒకటో తారీఖు కొంత నయం. బడి ఫీజులు కట్టే నెల కాబట్టి సణుగుడు ఉంటుంది, కానీ కొత్త ఆర్థిక సంవత్సరంలో ధరలు మారడం జనానికి అలవాటే. ఏటా అదే రోజున ధర చూసుకుంటామని ఒకసారి చెప్పి ఆ మాట మీద ఉంటే, రెండేళ్లకోసారి పది రూపాయలు వేసే చోట ఏటా నాలుగైదు వేస్తే సరిపోతుంది. పెంపు చిన్నదైతే చెప్పడమూ తేలిక.

ఏప్రిల్ ఒకటి నుంచి అమలు కావాలంటే ఫిబ్రవరి చివరి వారంలో చెప్పాలి. అప్పుడు మార్చి నెల మొత్తం పాత ధరకే నడుస్తుంది, నచ్చనివాళ్లకు వేరే చోటు చూసుకునే వ్యవధి ఉంటుంది. వ్యవధి ఇస్తే వెళ్లిపోతారేమోనని ఆఖరి రోజు దాకా దాచిపెట్టేవాళ్లున్నారు. అలా చెప్పినప్పుడు ఆ నెల ఎవరూ మానరు, మరుసటి నెల చెప్పకుండా మానేస్తారు. కంపెనీ ఆఫీసుకో ట్రైనింగ్ సెంటర్‌కో నెలవారీ భోజనం పంపుతుంటే ఒక నెల కూడా చాలదు. అక్కడ కొత్త ధరకు పైవాళ్ల మంజూరు కావాలి, రెండు నెలల ముందు సంతకం పెట్టిన ఉత్తరం ఇవ్వాలి, ఒప్పందంలో ధర గడువు ఉంటే అది తీరేదాకా ఆగాలి.

మెసేజీ వెళ్లేముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ప్రతి గుంపులో పెద్దదిక్కులాంటి ఒకరికి, పదేళ్ల నుంచి తింటున్న ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లకు ముందురోజు ఫోన్ చేసి నోటితో చెప్పాలి. 'అందరికీ పంపేముందు మీకు చెబుదామని' అన్న ఒక్క మాటకు ఈ సమాజంలో చాలా విలువ ఉంది. తర్వాత క్యారేజీ మీద మడిచి పెట్టే చీటీ, ఫోన్‌లో మెసేజీ రెండూ ఒకే రోజు వెళ్లాలి. ఒడియా, బెంగాలీ, బిహారీ ఇళ్లకు హిందీలో, తెలుగు ఇళ్లకు తెలుగులో. రెండింటిలోనూ అంకెలు ఒకటే ఉండాలి. మాటలు ఇలా ఉండవచ్చు:

"నమస్కారమండీ. రెండేళ్లుగా మన క్యారేజీ భోజనం నెలకు 2,340 రూపాయలకే ఇస్తున్నాం. ఈ రెండేళ్లలో పనివాళ్ల జీతాలు, చేరవేత ఖర్చు, సరుకుల ధరలు కలిసి ఒక భోజనానికి మాకు 14 రూపాయలు పెరిగాయి. అందులో 10 రూపాయలు మాత్రమే ధరలో కలుపుతున్నాం. ఏప్రిల్ 1 నుంచి నెలకు 2,600 అవుతుంది. మార్చి ఆఖరు దాకా పాత ధరే. ముందుగా డబ్బు కట్టినవారికి ఆ గడువు తీరేదాకా మార్పు లేదు. అన్నం, పప్పు, కూర, వేపుడు, రసం, పెరుగు ఇప్పటిలాగే వస్తాయి. ఏమైనా మాట్లాడాలంటే సాయంత్రం 4 నుంచి 6 లోపు ఫోన్ చేయండి."

ఇందులో క్షమాపణ లేదు. తప్పు చేసినప్పుడు క్షమించమంటాం, ఖర్చు పెరిగినందుకు కాదు. మూడుసార్లు క్షమించమని రాస్తే చదివేవాళ్లకు బేరానికి తావుందనిపిస్తుంది. 'బయట హోటల్లో ఇంతకన్నా ఎక్కువ' అన్న పోలిక కూడా లేదు. ఆ పోలిక పెట్టినవెంటనే తక్కువకు ఇచ్చే ఇంకొక చోటు పేరు చెబుతారు. పాత ధర, కొత్త ధర రెండూ రాశారు. ఒక్క పెంపు అంకె మాత్రమే రాసి అసలు ధర దాచే మెసేజీలు అనుమానం పెంచుతాయి. ఫోన్‌కు వేళ పెట్టడం పొగరు కాదు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా ఉండే బీ షిఫ్టుకు వెళ్లేవాళ్ల క్యారేజీలు పన్నెండున్నరకల్లా అందాలి. ఆ హడావిడిలో ఫోన్ ఎత్తి విసుగ్గా చెప్పిన ఒక్క జవాబు మెసేజీ మొత్తాన్ని చెడగొడుతుంది.

ఫోన్ మోగాక

'పదేళ్ల నుంచి మీ చేతి వంటే తింటున్నాం, మాకు మాత్రం పాత ధరకే ఇవ్వమ్మా' అని కనీసం ముగ్గురైనా అడుగుతారు. కాదనడానికి నోరు రాదు. గుట్టుగా ఒప్పుకుంటే ఆ గుట్టు వారం నిలవదు, పక్క క్వార్టర్‌లో తెలిసిపోతుంది. అప్పుడు 2,600 కట్టినవాళ్లంతా తాము మోసపోయామనుకుంటారు. పెంపు వల్ల పోనివాళ్లు దీనివల్ల పోతారు. అందుకే ఏ వెసులుబాటు ఇచ్చినా అందరికీ తెలిసేలా, అడిగినవాళ్లందరికీ దొరికేలా ఉండాలి.

ఈ వంటింటి లెక్కలో రెండు వెసులుబాట్లకు చోటుంది. మార్చిలోగా మూడు నెలల డబ్బు ఒకేసారి కట్టేవాళ్లకు జూన్ దాకా పాత ధర ఇవ్వవచ్చు. దీనివల్ల ఒక్కొక్కరి మీద 780 రూపాయలు వదులుకోవాలి. బదులుగా 7,020 రూపాయలు ముందే చేతికొస్తాయి, బియ్యం బస్తాలు ఒకేసారి కొనుక్కోవచ్చు. రెండోది రిటైరై ఇద్దరే ఉంటున్న పెద్దవాళ్ల కోసం. అన్నం తగ్గించి, వేపుడు తీసేసి, అదే 2,340కి చిన్న క్యారేజీ. వాళ్లలో చాలామందికి ఇప్పుడు వస్తున్న అన్నమే ఎక్కువవుతోంది. సరుకుల్లో ఏడెనిమిది రూపాయలు మిగిలితే ఇది ఇద్దరికీ గిట్టుతుంది, మూడు రూపాయలే మిగిలితే గిట్టదు. మాట ఇచ్చేముందు ఒకరోజు చేసి తూచి చూడాలి.

చెప్పకుండా పెరుగు పలచన చేయడం, కూర కప్పు చిన్నది చేయడం వేరు సంగతి. బిస్కట్ పొట్లంలో రెండు గ్రాములు తగ్గితే ఎవరూ తూచరు కానీ, రోజూ అదే గిన్నెలో తినే మనిషికి ఒక గరిటె కూర తగ్గితే మొదటి రోజే తెలుస్తుంది. ముఖ్యంగా ధర పెరిగిన మొదటి నెల ప్రతి క్యారేజీనీ అనుమానంగా చూస్తారు. ఆ నెల పప్పులో నీళ్లెక్కువైనా, కందిపప్పు ఆ రోజు ఉడకకపోయినా కారణం వేరుగా తోస్తుంది. ఆ నాలుగు వారాలు వంట దగ్గర ఇంటివాళ్లే నిలబడటం మంచిది. కొత్త వంటమనిషినో కొత్త బియ్యాన్నో అప్పుడు ప్రయత్నించకూడదు.

పెళ్లికో వ్రతానికో ముందుగా బయానా ఇచ్చినవాళ్ల సంగతి తేలిక. వాళ్లకు చెప్పిన ధరే, ఎంత నష్టమైనా. ఇకముందు చెప్పే ధరల మీద మాత్రం ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసి ఇవ్వాలి.

మెసేజీకి ఎవరూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు కాదు. వెళ్లిపోదామనుకునేవాడు గొడవపడడు. నెల డబ్బు ఒకేసారి కట్టే మనిషి వారం వారం కడతానంటాడు. 'రేపు వద్దు' అన్న మెసేజీలు నెలకు రెండు ఉండేచోట ఆరవుతాయి. ఖాళీ క్యారేజీ రావలసిన చోట అన్నం మిగిలి తిరిగొస్తుంది. వీటిని గోడ మీద క్యాలెండర్‌లో ఇంటింటికీ గుర్తు పెట్టుకుంటే ఏప్రిల్ మూడో వారానికల్లా ఎవరు ఊగిసలాడుతున్నారో తెలిసిపోతుంది. అప్పుడు చేసే ఫోన్‌లో ధర మాట ఎత్తకూడదు. 'ఈ మధ్య క్యారేజీ వద్దంటున్నారు, వంటలో ఏమైనా తేడా వచ్చిందా అండీ' అని అడిగితే చాలు. ధర బరువైందని వాళ్లే చెబితే చిన్న క్యారేజీ సంగతి చెప్పవచ్చు. నిజంగానే వంటలో తేడా వచ్చి ఉంటే, ఆ మాట చెప్పే మనిషి వాడుక మానేయదలచుకోలేదన్నమాట.